ఇంజెక్షన్‌కీ అన్నానికీ మధ్య

విజయవాడలో ఒక ఇంటర్ హాస్టల్. రాత్రి భోజనం ఏడున్నరకి. పావుగంట ముందే ఆ అమ్మాయి టవల్లో ఇన్సులిన్ పెన్ను చుట్టుకుని బాత్రూంకి వెళ్తుంది. గడియ పెట్టి, పొట్ట మీద పెన్ను గుచ్చి, మీట నొక్కి, పది లెక్కపెట్టి సూది తీస్తుంది. రూమ్మేట్లకి ఈ సంగతి తెలియదు. మనిషి కల్పితమే గానీ, ఈ కథలో జరిగేవన్నీ టైప్ 1 డయాబెటిస్ ఉన్న ఇళ్లలో బాగా తెలిసినవే.

"ఈ వయసులో షుగరేంటి, స్వీట్లు తెగ తినేదానివా?" అని స్కూల్లో ఎవరో అన్నారు. అప్పటినుంచీ దాస్తోంది. నిజానికి ఈ జబ్బుకి స్వీట్లు కారణం కాదు. ఒంట్లోని రోగనిరోధక శక్తే పొరబడి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనం చేస్తుంది. ఇక జీవితాంతం ఆ ఇన్సులిన్‌ని బయటినుంచి ఇవ్వాల్సిందే. మానేస్తే ప్రాణం మీదికొస్తుంది.

ఆ రోజు మెస్‌లో గ్యాస్ అయిపోయింది. అన్నం ఆలస్యమైంది. భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్ మాత్రం కంచంలోకి అన్నం వచ్చేదాకా ఆగదు. పావుగంటలోనే పని మొదలుపెడుతుంది. ఎనిమిదింటికి ఆమె చేతులు వణికాయి, చెమటలు పట్టాయి. ఏమైందే అని రూమ్మేట్ అడిగితే కసురుకుంది. మెదడుకి చక్కెర అందకపోతే మనిషి అలాగే చిరాకుపడతాడు, తికమకపడతాడు. రూమ్మేట్ మాత్రం పరీక్షల టెన్షన్ అనుకుని, కాసేపు పడుకోమంది. దాచడంలో ఉన్న ప్రమాదమంతా ఇక్కడే ఉంది.

"నాకు షుగర్ ఉందే... పంచదార తే" అంది చివరికి.

మీటర్లో 54. డెబ్బైకి తగ్గితే ఆగకూడదు. మూడు చెంచాల పంచదార, అంటే సుమారు 15 గ్రాములు, నీళ్లలో కలిపి తాగించారు. పావుగంట ఆగి చూస్తే 86. అప్పుడు అన్నం పెట్టారు. చాక్లెట్ ఇస్తే ఇంత త్వరగా పనిచేయదు, అందులోని కొవ్వు చక్కెరను నెమ్మదిగా వదులుతుంది. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏదీ పోయకూడదు. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

మర్నాటినుంచి మెస్‌లో కంచం ముందు కూర్చున్నాకే ఇంజెక్షన్. మొదట్లో అందరూ చూశారు, వారం తిరిగేసరికి ఎవరూ పట్టించుకోలేదు. కొత్త పెన్నులు వార్డెన్ గారి ఫ్రిజ్‌లో చేరాయి, ఫ్రీజర్లో కాదు. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. రూమ్మేట్ బ్యాగులో గ్లూకోజ్ ప్యాకెట్ ఉంటోంది.

పిల్లల్ని హాస్టల్లో చేర్చే అమ్మానాన్నలు ఆ రోజే వార్డెన్‌కీ రూమ్మేట్‌కీ ఈ రెండూ చెప్పి రండి: షుగర్ పడిపోతే ఎలా ఉంటారో, వెంటనే ఏం ఇవ్వాలో.