అచ్చుకు సిద్ధమైన పాంప్లెట్‌పై క్యూఆర్ కోడ్

సంగీత పాఠశాల వేసవి శిక్షణ పాంప్లెట్ సిద్ధమైంది. డీటీపీ ఆపరేటర్ పీడీఎఫ్ పంపేశాడు. అప్పుడు గుర్తొస్తుంది, వెబ్‌సైట్‌కు దారి చూపే క్యూఆర్ కోడ్ పెట్టలేదని. అసలు ఫైలు మన దగ్గర ఉండదు, ఆపరేటర్ ఫోనెత్తడు. ఆ పీడీఎఫ్‌నే వర్డ్‌లోనో లిబ్రేఆఫీస్ డ్రాలోనో తెరిచి, మూలన బొమ్మ అతికించి, మళ్ళీ సేవ్ చేద్దామని చాలామందికి తోస్తుంది. తెలుగు పాంప్లెట్ విషయంలో ఆ పని చేయకండి.

పీడీఎఫ్‌లో అక్షరాలు మనం టైపు చేసినట్టుగా ఉండవు. పేజీలో ఏ అక్షరరూపం ఎక్కడ పడాలో మాత్రమే రాసి ఉంటుంది. వాడిన ఫాంటులో కూడా అవసరమైన ముక్కలే లోపల ఉంటాయి. చూపడానికి అంతే చాలు, మార్చడానికి చాలదు. వర్డ్ దాన్ని మళ్ళీ వాక్యాలుగా పేర్చబోయేసరికి ఒత్తులు పక్కకు జరుగుతాయి, గుణింతాలు ఊడిపోతాయి. పాత అను ఫాంట్లలో చేసినదైతే ఇంగ్లిష్ అక్షరాల గందరగోళం కనబడినా ఆశ్చర్యపోనక్కర్లేదు. పైన శీర్షిక బాగుందని ముందుకెళ్తే, అడుగున ఉన్న చిరునామాలో తప్పు అచ్చయి వస్తుంది.

సురక్షితమైన దారి వేరే ఉంది. పాంప్లెట్‌ను ముట్టుకోకుండా, అదే కొలతలో ఇంకో ఖాళీ పేజీ తయారు చేసి, కోడ్‌ను కావలసిన చోట పెట్టి, దాన్ని పీడీఎఫ్‌గా తీసుకోవాలి. తర్వాత రెండో పేజీని మొదటిదానిపై పరచాలి. ఉచితంగా దొరికే qpdf ఈ పని ఒక్క వరుసలో చేస్తుంది:

```
qpdf flyer.pdf --overlay qr.pdf -- final.pdf
```

కింది పేజీలోని అక్షరాలు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. ఒక్క జాగ్రత్త ఏమిటంటే రెండు పేజీల కొలత ఒకటే కావాలి. ఏ5 అంటే 148 × 210 మి.మీ. అయినా, ప్రెస్సులో కోతకోసం చుట్టూ కొంత వదిలి ఉండవచ్చు. ఫైల్ ప్రాపర్టీస్‌లో అసలు కొలత చూసుకుని, పని అయ్యాక కోడ్ మనం అనుకున్న చోటే, అనుకున్న సైజులోనే పడిందో లేదో చూడాలి.

ఇక కోడ్ సంగతి. లింకు ఎంత పొడుగైతే గళ్ళు అంత ఎక్కువ. `https://example.org/sangeetam` లాంటి చిరునామాలో 29 అక్షరాలున్నాయి. లోపాల సవరణ మధ్యస్థం, అంటే M స్థాయిలో పెడితే, అది అడ్డంగా 29, నిలువుగా 29 గళ్ళలో ఇమిడిపోతుంది. చుట్టూ నాలుగేసి గళ్ళ తెల్లని ఖాళీ తప్పనిసరి. ఫోను కోడ్ అంచును ఆ ఖాళీని బట్టే పోల్చుకుంటుంది. మొత్తం 37 గళ్ళు. ఒక్కో గడి 0.7 మి.మీ. అనుకుంటే దాదాపు 26 మి.మీ. చతురస్రం సరిపోతుంది. అదే లింకు వెనక తోకలు తగిలించి 120 అక్షరాలకు పెంచితే 45 గళ్ళ కోడ్ అవుతుంది. అదే చోటులో గడి అర మిల్లీమీటరుకు కుదించుకుపోతుంది. చేతిలో పట్టుకుని చూసే పాంప్లెట్‌కు అది కూడా పనిచేయవచ్చు కానీ, ముతక కాగితం మీద సిరా కొంచెం పాకినా చదవడం కష్టం. అందుకే లింకును ముందే చిన్నది చేసుకోవడం మంచిది.

అలా చిన్నది చేసేటప్పుడు లింకు మన సొంత వెబ్‌సైట్‌దే కావాలి. ఉచితమంటూ కోడ్ ఇచ్చే కొన్ని సైట్లు మన చిరునామాను కాకుండా, తమ చిరునామాను అందులో దాస్తాయి. గడువు తీరి ఆ ఖాతా ఆగితే పంచిన పాంప్లెట్లన్నీ ఒక్కసారిగా పనికిరాకుండా పోతాయి. ఫోనుతో స్కాన్ చేసినప్పుడు తెర మీద కనబడే చిరునామా చూస్తే ఇది వెంటనే తెలిసిపోతుంది.

కోడ్‌ను ఎస్‌వీజీగా దించుకుంటే ఎంత పెద్దగా చేసినా గళ్ళ అంచులు పదునుగానే ఉంటాయి. జేపీజీ అంచులను మసకబారుస్తుంది. పాంప్లెట్ నేపథ్యం రంగుదైతే కోడ్ వెనక తెల్లని చతురస్రం ఉందో లేదో కూడా చూడాలి. కోడ్ నలుపు ఒక్క నల్ల సిరాతోనే పడాలని ప్రెస్సువాళ్ళకు చెప్పండి. నాలుగు సిరాలు కలిపిన నలుపైతే, ఒక ప్లేటు రవ్వంత జరిగినా గళ్ళ చుట్టూ రంగు నీడలు వస్తాయి.

ఈ పీడీఎఫ్‌ను వాట్సాప్‌లో పంపుతారు కూడా. చేతిలో ఉన్న ఫోను తెరను అదే ఫోను కెమెరా చూడలేదు. అందుకే కోడ్ కింద చిరునామాను అక్షరాల్లో పెట్టాలి. `https://`తో సహా రాస్తే చాలా యాప్‌లు దాన్ని నొక్కదగిన లింకుగా గుర్తిస్తాయి.

ప్రెస్సుకు పంపేముందు 'యాక్చువల్ సైజ్'లో ఒక కాపీ ముద్రించి, పాత ఆండ్రాయిడ్ ఫోనుతో, సాయంత్రపు ట్యూబ్‌లైటు వెలుతురులో చూడండి. కంప్యూటర్ తెర మీద చదివి కాగితం మీద చదవకపోతే గళ్ళు మరీ చిన్నవైనా అయ్యుండాలి, సిరా పాకినా ఉండాలి. రెండుచోట్లా చదవకపోతే తెల్లని ఖాళీ తగ్గిందేమో ముందు చూడండి. పక్కన ఉన్న గీతో, ఫొటో అంచో ఆ ఖాళీలోకి చొరబడటమే తరచూ కారణమవుతుంది.