Google Business Profile: ‘near me’ అని రాస్తే షాపు పైకి రాదు.. ఆఫర్ పోస్టు ఇలా రాస్తే ఫోన్ మోగుతుంది!

ఎండాకాలం మొదలైంది. ఇంట్లో ఏసీ గాలి వస్తోంది కానీ చల్లదనం లేదు. వెంటనే ఏం చేస్తాం? ఫోన్ తీసి గూగుల్‌లో ac service near me అని కొడతాం. మ్యాప్‌తో పాటు నాలుగైదు షాపులు వస్తాయి. ఒకదాని మీద నొక్కితే పేరు, రేటింగ్, ఫొటోలు, కాల్ బటన్ కనిపిస్తాయి. ఇంకాస్త కిందకి వెళ్తే ఆ షాపు వాళ్లు పెట్టిన చిన్న ఆఫర్ పోస్టు ఉంటుంది. ఫోన్ చేయాలా, వెనక్కి వెళ్లి పక్క షాపు చూడాలా అని మనం తేల్చుకునేది చాలాసార్లు అక్కడే.

ఈ పోస్టు పెట్టడానికి ఒక్క రూపాయి కూడా ఖర్చు లేదు. కానీ చాలామంది షాపుల వాళ్లు దీన్ని రాసే తీరు తప్పు. ఆ తప్పేంటి, ఎలా సరిచేసుకోవాలో ఒక ఉదాహరణతో చూద్దాం.

ముందు ఈ అపోహ వదిలేయండి

పోస్టులో ‘నియర్ మీ’, ‘బెస్ట్ ఇన్ విజయవాడ’ లాంటి మాటలు పదిసార్లు రాస్తే సెర్చ్‌లో షాపు పైకి వస్తుందని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. దగ్గర్లోని షాపులను చూపించేటప్పుడు ప్రధానంగా మూడు విషయాలు చూస్తామని గూగుల్ చెబుతోంది. ఒకటి, వెతికిన మాటకి ఆ షాపు ఎంతవరకు సరిపోతుంది. రెండు, వెతికేవాళ్లకి ఎంత దూరంలో ఉంది. మూడు, ఆ షాపుకి ఎంత పేరుంది. రివ్యూలు, రేటింగ్ ఈ మూడో దాంట్లోకి వస్తాయి. డబ్బు కట్టినా ఈ వరస మారదని కూడా గూగుల్ స్పష్టంగానే చెబుతోంది.

‘నియర్ మీ’ అంటే ఎక్కడో గూగుల్‌కి తెలిసేది వెతికేవాళ్ల ఫోన్ లొకేషన్ నుంచి. మీ పోస్టులో ఆ మాట ఉన్నా లేకపోయినా మీ షాపు వాళ్లకి ఒక్క మీటరు కూడా దగ్గర కాదు.

మరి పోస్టు ఎందుకు? ఇప్పటికే మీ ప్రొఫైల్ దాకా వచ్చిన మనిషి ఫోన్ చేసేలా చేయడానికి. ఇంకో లాభం కూడా ఉంది. వెతికిన మాట మీ పోస్టులో ఉంటే, ఫలితాల్లో షాపు పేరు కింద ఆ పోస్టులోని ముక్కని గూగుల్ కొన్నిసార్లు చూపిస్తుంది. అలా కనిపించాలన్నా పోస్టులో అసలు పని పేరు ఉండాలి. ‘బంపర్ ఆఫర్’ అని గూగుల్‌లో వెతికి ఏసీ మెకానిక్‌ని పిలిచేవాళ్లు ఎవరుంటారు?

పోస్టు ఎక్కడ పెట్టాలి?

షాపు ప్రొఫైల్ ఏ జీమెయిల్‌తో ఉందో దానితోనే లాగిన్ అయి, గూగుల్ సెర్చ్‌లో my business అని కొట్టండి. మీ షాపు కంట్రోల్ బటన్లు వస్తాయి. అందులో Add update నొక్కాలి. కొన్ని ఫోన్లలో ఇది Posts అని కనిపించొచ్చు. లోపల మూడు రకాలుంటాయి: Update, Offer, Event.

ధర తగ్గించి ఇస్తుంటే Offer ఎంచుకోండి. ఇందులో టైటిల్, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ తప్పనిసరి. వివరాలు, ఫొటో, కూపన్ కోడ్, షరతులు మీ ఇష్టం. కానీ అవి కూడా ఇస్తేనే ఫలితం ఉంటుంది. ముగింపు తేదీ దాటగానే ఆఫర్ పోస్టు తనంతట తానే పక్కకి వెళ్లిపోతుంది. అదే ఆఫర్‌ని మామూలు Update‌లో పెట్టారనుకోండి, ఆరు నెలల దాకా ప్రొఫైల్‌లో కనిపిస్తూ ఉండొచ్చు. ఏప్రిల్ ఆఫర్ చూసి ఆగస్టులో కస్టమర్ వచ్చి గొడవ పెట్టుకునేది ఇందుకే.

ఒక ఉదాహరణ చూద్దాం

విజయవాడ పటమటలో ఒక చిన్న ఏసీ సర్వీసింగ్ షాపు ఉందనుకుందాం. ఓనర్ పెట్టిన మొదటి పోస్టు ఇలా ఉంది:

*‘‘సమ్మర్ బంపర్ ధమాకా!!! బెస్ట్ ఏసీ సర్వీస్ నియర్ మీ, ఏసీ రిపేర్ విజయవాడ, ఏసీ గ్యాస్ ఫిల్లింగ్ విజయవాడ. 50 శాతం వరకు తగ్గింపు. త్వరపడండి!’’* చివర్లో ఫోన్ నంబర్.

ఇందులో ఏముందో చూడండి. దేని మీద 50 శాతం? అసలు ధర ఎంత? ఎప్పటి వరకు? మా వీధికి వస్తారా? వెతికేవాళ్లకి కావాల్సిన ఒక్క జవాబు కూడా లేదు. పైగా పోస్టు టెక్స్ట్‌లో ఫోన్ నంబర్ రాయడం గూగుల్ నిబంధనలకి విరుద్ధం. ఆ ఒక్క కారణంతోనే పోస్టు రిజెక్ట్ కావొచ్చు. నంబర్ ఎలాగూ ప్రొఫైల్‌లో కాల్ బటన్ కింద ఉంటుంది కదా!

ఇప్పుడు అదే ఆఫర్‌ని ఇలా మార్చారు:

*టైటిల్: పటమటలో స్ప్లిట్ ఏసీ సర్వీస్ రూ.499*

*వివరాలు: స్ప్లిట్ ఏసీ వాటర్ సర్వీస్ (AC service) ఇంటికి వచ్చి చేస్తాం. పటమట, బెంజ్ సర్కిల్, గురునానక్ కాలనీ, ఆటోనగర్ వరకు. 1 టన్ను, 1.5 టన్ను ఏసీలకి రూ.499. ఫిల్టర్, కూలింగ్ కాయిల్, డ్రెయిన్ పైపు, అవుట్‌డోర్ యూనిట్ క్లీనింగ్ ఇందులోనే. గ్యాస్, స్పేర్ పార్టులకి విడిగా చార్జీ, ముందే చెప్పి చేస్తాం. రోజుకి ఆరు ఇళ్లు మాత్రమే. ఫోన్ చేసినప్పుడు AC499 అని చెప్పండి.*

*తేదీలు: ఏప్రిల్ 10 నుంచి ఏప్రిల్ 30 వరకు*

తేడా ఏంటంటే, రెండో పోస్టు చదివినవాళ్లకి ఇక అడగాల్సింది ఒక్కటే: ‘‘ఎప్పుడొస్తారు?’’

‘విజయవాడ’ అనే పెద్ద మాట బదులు నాలుగు ఏరియాల పేర్లు ఎందుకు? పటమటలో ఉన్న మనిషికి తను విజయవాడలో ఉన్నట్టు తెలుసు. తెలియాల్సింది మెకానిక్ తన కాలనీకి వస్తాడా లేదా అన్నదే. అలాగని ఊళ్లోని ఏరియాలన్నీ రాయొద్దు. బండి మీద నిజంగా వెళ్లగలిగినవే రాయాలి. దూరం నుంచి కాల్ వస్తే ‘‘అక్కడికి రాము అండీ’’ అనాల్సి వస్తుంది. ఆ కస్టమర్ కోపం రివ్యూలో కనిపిస్తుంది.

మధ్యలో ఇంగ్లిష్‌లో AC service అని ఒక్కసారి రాయడానికీ కారణం ఉంది. తెలుగువాళ్లలో చాలామంది మాట్లాడేది తెలుగులోనే అయినా సెర్చ్‌లో కొట్టేది ఇంగ్లిష్ అక్షరాల్లో. ఆ మాట ఒక్కసారి ఉంటే చాలు. పదిసార్లు రాస్తే చదివేవాళ్లకి విసుగు, గూగుల్‌కి స్పామ్ అనుమానం.

మొదటి వరస, ఫొటో.. ఈ రెండూ జాగ్రత్త

వివరాల్లో 1500 అక్షరాల వరకు రాయొచ్చు. కానీ ఫోన్ స్క్రీన్‌పై నొక్కకముందు కనిపించేది మొదటి ఒకటి రెండు వరసలే. అందుకే పని, ఏరియా, ధర ముందే వచ్చేయాలి. ‘‘ప్రియమైన కస్టమర్లకు శుభాకాంక్షలు’’ అని మొదలుపెడితే ఆ చోటంతా వృథా. టైటిల్‌కి 58 అక్షరాలే పరిమితి. తెలుగులో గుణింతాలు, ఒత్తులు కూడా విడిగా లెక్కలోకి వస్తాయి కాబట్టి అనుకున్నదానికంటే ముందే చోటు అయిపోతుంది.

ఇక ఫొటో. వాట్సాప్ స్టేటస్ కోసం చేయించిన నిలువు పోస్టర్‌నే చాలామంది ఇక్కడ కూడా పెట్టేస్తారు. పోస్టు ఫొటో అడ్డంగా కనిపిస్తుంది కాబట్టి పైనున్న షాపు పేరు, కిందున్న ధర కట్ అయిపోతాయి. ఫోన్‌ని అడ్డంగా పట్టుకుని, 4:3 సైజులో, పని చేస్తున్న అసలు ఫొటో తీసి పెట్టండి. కనీసం 400x300 పిక్సెల్స్ ఉండాలి. ఫొటో మీద అక్షరాలు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది.

ఈ మూడూ అస్సలు చేయొద్దు

మొదటిది, షాపు పేరులో ఆఫర్ ఇరికించడం. ప్రొఫైల్ పేరు చివర ‘ఏసీ సర్వీస్ రూ.499 మాత్రమే’ అని తగిలిస్తే అది నిబంధనల ఉల్లంఘన. ప్రొఫైల్ మొత్తం సస్పెండ్ కావొచ్చు. బోర్డు మీద ఉన్న పేరే అక్కడా ఉండాలి.

రెండోది, ‘‘5 స్టార్ రివ్యూ ఇస్తే 10 శాతం తగ్గింపు’’ అనే ఆఫర్. రివ్యూ కోసం డబ్బు, డిస్కౌంట్, గిఫ్ట్ ఏది ఇచ్చినా గూగుల్ ఒప్పుకోదు. అలా వచ్చిన రివ్యూలను తీసేయొచ్చు కూడా.

మూడోది, చివరిదే అయినా అన్నింటికంటే పెద్దది: ఇవ్వలేని ఆఫర్ ప్రకటించడం. రూ.499 అని పిలిపించుకుని, ఇంటికి వెళ్లాక ‘‘ఆ రేటు అయిపోయింది, ఇప్పుడు రూ.899’’ అంటే అది ఎర వేయడమే. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్రం 2022లో తెచ్చిన మార్గదర్శకాలు సరిగ్గా ఇలాంటి ఎర ప్రకటనల గురించే చెబుతాయి. ప్రకటించిన ధరకి ఇవ్వగలిగేలా ఉండాలి, పరిమితులుంటే ముందే చెప్పాలి. ఉదాహరణలో ‘రోజుకి ఆరు ఇళ్లు మాత్రమే’, ‘గ్యాస్‌కి విడిగా’ అని రాసింది అందుకే. ఇలా మోసపోయిన కస్టమర్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. పోస్టు స్క్రీన్‌షాట్ ఉంటే అదే ఆధారం.

పని చేస్తోందా లేదా ఎలా తెలుస్తుంది?

పోస్టు పెట్టిన కాసేపటికి దాని స్టేటస్ చూడండి. Live అని ఉంటే అందరికీ కనిపిస్తున్నట్టు. Pending అంటే ఇంకా పరిశీలనలో ఉంది. Not approved అంటే రిజెక్ట్ అయింది. అప్పుడు ముందుగా చూడాల్సింది టెక్స్ట్‌లో గానీ ఫొటోలో గానీ ఫోన్ నంబర్ ఉందేమో అని.

ప్రొఫైల్‌లోని Performance నొక్కితే ఎన్ని కాల్స్, ఎంతమంది దారి అడిగారు లాంటి లెక్కలు వస్తాయి. కానీ అవి ప్రొఫైల్ మొత్తానివి, ఈ ఆఫర్ వల్ల వచ్చినవి ఎన్నో విడిగా చెప్పవు. ఎండలు ముదిరితే ఆఫర్ లేకపోయినా ఏసీ షాపులకి కాల్స్ పెరుగుతాయి కదా! అసలు లెక్క కూపన్ కోడ్ చెబుతుంది. ఫోన్ చేసి AC499 అన్నవాళ్లని నోటుబుక్‌లో ఒక గీత గీసి లెక్కపెట్టుకోండి. ఏప్రిల్ 30న ఆ గీతలు లెక్కిస్తే, రూ.499కి చేసిన పని గిట్టుబాటైందో లేదో తేలిపోతుంది. గీతలు బాగానే ఉండి డబ్బులు మిగలకపోతే ధర మార్చాలి. కాల్స్ వస్తున్నా కోడ్ ఎవరూ చెప్పకపోతే మొదటి వరస మార్చి చూడాలి.

ఆఫర్ ముగిసిన మర్నాడు కస్టమర్ ఫోన్‌తో మీ ప్రొఫైల్ ఒకసారి తెరిచి చూడండి. పాత ధర ఫొటోల్లో గానీ, Update పోస్టుల్లో గానీ ఇంకా మిగిలి ఉంటే తీసేయండి. లేదంటే మే నెలలో కూడా ‘‘ఇక్కడ రూ.499 అని ఉంది కదా’’ అని కాల్స్ వస్తూనే ఉంటాయి.