ఏడింటికే పరిచిన బిర్యానీ

రిసెప్షన్ కార్డు మీద ఏడున్నర అని ఉంటుంది. క్యాటరింగ్ వాళ్లు ఏడింటికే కౌంటర్లు సర్దేస్తారు. వధూవరులు వేదికెక్కేసరికి ఎనిమిదిన్నర, ఫొటోలు దిగి జనం ప్లేట్లు పట్టేసరికి తొమ్మిది. ఆ రెండు గంటలూ బిర్యానీ, కోడికూర ఎంత వేడిలో ఉన్నాయో ఎవరూ చూడరు. బఫేలో తిండికి గండం రద్దీ వేళ కాదు. ఈ ఎదురుచూపులోనూ, పది దాటి జనం పలచబడ్డాకానూ వస్తుంది.

వేడిగా వడ్డించే పదార్థాన్ని కనీసం 60 డిగ్రీల సెల్సియస్‌లో, చల్లగా ఇచ్చేదాన్ని 5 డిగ్రీల లోపు ఉంచాలన్నది మన దేశ ఆహార భద్రతా నిబంధన. ఈ రెండింటి మధ్య వేడి సూక్ష్మజీవులకు అనుకూలం. బాగా ఉడికించాం కదా అనుకోవడానికి లేదు. అన్నంలో ఉండే బాసిల్లస్ సీరియస్, మాంసం కూరల్లో ఉండే క్లాస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియాల బీజాలు ఉడుకును తట్టుకుంటాయి. వేడి 45 డిగ్రీల చుట్టుపక్కలకు దిగితే పర్‌ఫ్రింజెన్స్ పది నిమిషాలకోసారి రెట్టింపు కాగలదు. అప్పటికీ కూర రంగు మారదు, వాసన రాదు. అందుకే ముక్కును నమ్మకుండా, సూదిలా గుచ్చి చూసే థర్మామీటరు వాడాలి. గిన్నె మధ్యలో ఒకసారి, మూలలో ఒకసారి గుచ్చితే సంగతి తెలిసిపోతుంది. మూలలే ముందు చల్లారతాయి.

ఇక చేఫింగ్ డిష్. కింద జెల్ డబ్బా వెలుగుతోంది కాబట్టి కూర వేడెక్కుతోందని చాలామంది భ్రమ. అది ఉన్న వేడిని నిలబెడుతుందంతే, చల్లారినదాన్ని మళ్లీ కాచలేదు. కింది ట్రేలో చన్నీళ్లు పోసి వెలిగిస్తే, మంట చాలాసేపు ఆ నీళ్లు కాగడానికే సరిపోతుంది. మరిగే నీళ్లు పోసి, మూత పెట్టి, మంట ముందే వెలిగించాలి. పొయ్యి మీంచి దించిన కూర 75 డిగ్రీల వేడితో అందులోకి రావాలి. లాన్‌లో భోజనాలైతే ఇంకో తంటా: అతిథుల కోసం పెట్టిన పెద్ద ఫ్యాన్ గాలి సరిగ్గా కౌంటరు మీదికే కొట్టి మంటను పక్కకు వంచేస్తుంది. ట్రేలో నీళ్లు ఇంకిపోయినా ఎవరూ గమనించరు.

కౌంటర్ల అమరికలోనూ వేడి లెక్క ఉంది. కూరలు, బిర్యానీ వంటశాల వైపు ఉంటే నింపేవాళ్లు జనంలోంచి గిన్నెలు మోసుకు రానక్కర్లేదు. పెరుగన్నం, పెరుగుపచ్చడి చివర ఐసు ట్రేలో ఉండాలి. దోసెల కౌంటరు విడిగా, దూరంగా ఉంటేనే మేలు. ఒక్కో దోసెకు ఆగే వరస మిగతా వరసనంతా నిలబెట్టేస్తుంది.

గిన్నె ఎప్పుడు మార్చాలో ఒక లెక్క చూద్దాం. పెద్ద డిష్‌లో ఐదు కిలోల బిర్యానీ పెట్టారు. మనిషికి 200 గ్రాములు అనుకుంటే పాతికమందికి వస్తుంది. రెండు వైపులా నిమిషానికి ముగ్గురేసి వడ్డించుకుంటే నాలుగు నిమిషాల్లో ఖాళీ. అంతసేపట్లో చల్లారే ప్రశ్నే లేదు. పది దాటాక రెండు నిమిషాలకు ఒక్కరొస్తే అదే డిష్ యాభై నిమిషాలు కూర్చుంటుంది, మూత సగంసేపు తెరిచే ఉంటుంది. అప్పుడు పెద్ద డిష్‌లో పలచగా పరిస్తే ఇంకా తొందరగా చల్లారుతుంది. కాబట్టి చిన్న డిష్‌కు మారి, మిగతా కౌంటర్లు మూసి ఒక్కదాన్నే నడపాలి. దమ్ గుండిగను నిప్పుల మీదే మూతతో ఉంచి, కావలసినంతే తీయాలి.

మూడో వంతు మిగిలినప్పుడే కొత్త గిన్నె తేవాలి, పాతదాన్ని తీసేయాలి. మిగిలినదాని మీదే కొత్తది గుమ్మరించడం మన దగ్గర మామూలు. అలా చేస్తే అడుగున ఉన్నది సాయంత్రం నుంచి రాత్రిదాకా అక్కడే ఉంటుంది, పైది చూసి అంతా వేడివేడిగా ఉందనుకుంటాం. గంటె కూడా గిన్నెతోపాటే మారాలి. 60 డిగ్రీల కిందికి దిగి రెండు గంటలు దాటినదాన్ని పారేయడమే. మనసొప్పదు, నిజమే. నాలుగొందల మందికి వండించినవాళ్లకు గిన్నెడు కోడికూర పారబోయమంటే కోపమే వస్తుంది.

క్యాటరింగ్ మాట్లాడుకునేటప్పుడు మెనూతోపాటు, ఆహారం ఎన్నింటికి పరుస్తారు, థర్మామీటరు తెస్తారా అని కూడా అడగండి. జనం వచ్చేదాకా గిన్నెలు తెరవొద్దని ముందే చెప్పండి. రాత్రి కౌంటరు మీద మిగిలినదాన్ని చుట్టాలకు కట్టివ్వకండి, అనాథాశ్రమానికీ పంపకండి. ఇవ్వాలనుంటే కౌంటరుకు రాకుండా పొయ్యి మీదే వేడిగా ఉన్న గుండిగలోంచి ఇవ్వండి. పొద్దున్నే వేడిచేసుకుంటే సరిపోతుందనుకోవద్దు. చల్లారిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ వదిలే, వాంతులు కలిగించే విషం మళ్లీ మరిగించినా పోదు.