ఈ ఏడు సంక్రాంతి పుట్టింట్లో

పెళ్లయిన తొలి సంక్రాంతికి కొత్తల్లుణ్ని పిలవడం కోస్తా జిల్లాల్లో తప్పని మర్యాద. ఆ ఒక్క ఏడూ అబ్బాయి తల్లిదండ్రులు సంతోషంగానే పంపిస్తారు. చిక్కంతా రెండో ఏడు నుంచే. ఇక ప్రతి పండగా తమ ఇంట్లోనే జరగాలని అత్తమామలు ఆశపడతారు. అది ప్రేమే. కానీ అవతల ఒక్కగానొక్క కూతుర్ని పంపిన ఇంట్లో పండగపూట ఇద్దరే కూర్చుని భోంచేస్తుంటారు.

హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకునే ఓ జంటనే తీసుకుందాం. అతనిది అమలాపురం, ఆమెది తెనాలి. భోగి అక్కడ, కనుమ ఇక్కడ అని రోజులు పంచుకుంటే ఎవరికీ తృప్తి ఉండదు. కనుమనాడు కాకైనా కదలదంటారు. ఆ రోజు పిల్లలతో బస్సెక్కుతామంటే పెద్దవాళ్లు ఒప్పుకోరు. అందుకే రోజుల్ని కాదు, ఏళ్లను పంచుకోవాలి. ఈ ఏడు సంక్రాంతి తెనాలిలో అయితే దసరా అమలాపురంలో. వచ్చే ఏడు అటుదిటు. ఇలాగైతే ఏ ఇల్లూ ఏడాదంతా వెలితిగా ఉండదు.

ఈ మాట కోడలు చెప్పకూడదు, కొడుకే చెప్పాలి. కోడలు చెబితే అది పుట్టింటి పక్షపాతంగానే వినిపిస్తుంది. చెప్పే వేళ కూడా ముఖ్యం. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తున్నారు. జనవరి 12 ప్రయాణానికి నవంబరు 13న టికెట్లు తీయాలి. ఆలోపే, దీపావళికి ఇంటికి వెళ్లినప్పుడు ఎదురుగా కూర్చుని చెప్పడం మంచిది.

“అమ్మా, ఈ సంక్రాంతికి మేం తెనాలి వెళ్తాం. వచ్చే ఏడు భోగి నుంచి ముక్కనుమ దాకా నీ దగ్గరే.”

“ఊళ్లో వాళ్లు ఏమనుకుంటారురా?”

“మన చెల్లి పండక్కి మనింటికి రాకపోతే నువ్వెంత బాధపడతావమ్మా? అక్కడ వాళ్లమ్మకీ అంతే కదా.”

తడబడి “చూద్దాంలే” అన్నారో, ఆ తల్లి దాన్ని సరేనన్నట్టే తీసుకుంటుంది. అరిసెలకు బియ్యం నానబోశాక రావట్లేదని తెలిస్తే ఆ బాధ చాలాకాలం ఉంటుంది. సెలవు దొరకలేదని అబద్ధమాడటం ఇంకా చేటు. తెనాలి ముగ్గుల ఫొటో వాట్సాప్‌లో కనబడిన క్షణాన నమ్మకం పోతుంది. సంక్రాంతినాడు పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు కొడుకు పక్కన లేడని మామగారు నొచ్చుకోవచ్చు. ఆ నొప్పి నిజమైనదే. దాన్ని వాదించి తీసేయలేం. ఆ వేళకు వీడియో కాల్‌లో దండం పెట్టుకోవచ్చు, అయినా కొంత వెలితి మిగులుతుంది.

వంతును మరీ పట్టుకుని కూర్చోకూడని ఏళ్లూ ఉంటాయి. ఒక ఇంట్లో ఎవరైనా పోతే ఆ ఏడు అక్కడ పండగ ఉండదు, కానీ మనుషుల అవసరం ఎక్కువ. వంతు ఎవరిదైనా ఆ ఇంటికే వెళ్లాలి. ఇక బిడ్డకు తొలిసారి భోగిపళ్లు పోసే ఏడు వంతు అమలాపురానిదైతే, తెనాలి వాళ్లను అక్కడికే రమ్మనాలి. ఆ పిలుపు అత్తగారే స్వయంగా ఫోన్ చేసి, “వదినగారూ, మీరు రాకుండా పళ్లు పోసేది లేదు” అంటే వాళ్లు తప్పక వస్తారు.