వోల్టేజ్ తగ్గిస్తే స్పీడ్ ఎందుకు నిలబడుతుంది?

మే నెల, విజయవాడ, మా ఇంట్లో నా గది. ఫెస్ట్ కోసం మా టీమ్ చేస్తున్న రెండు నిమిషాల యానిమేషన్‌ని నా పీసీలో బ్లెండర్‌లో రెండర్ పెట్టాను. గదిలో 36 డిగ్రీలు, గ్రాఫిక్స్ కార్డ్ మీద 82 డిగ్రీలు. పక్క గదిలోంచి అమ్మ, "రేయ్, ఆ మిక్సీ ఆపుతావా లేదా?" అంటోంది. అది మిక్సీ కాదు, నా కార్డ్ ఫ్యాన్.

కార్డ్ వేడెక్కడం కంటే నన్ను ఎక్కువ విసిగించింది క్లాక్ స్పీడ్. నాది ఆర్‌టీఎక్స్ 3060 టీఐ. రెండర్ మొదలైన మొదటి నిమిషంలో 1935 మెగాహెర్ట్జ్ చూపిస్తుంది. తర్వాత 1800కి పడుతుంది, 1905కి లేస్తుంది, మళ్లీ పడుతుంది. గ్రాఫ్ చూస్తే రంపం పళ్లలా ఉంటుంది. వేడి వల్లే ఇలా అవుతోందని నేను అనుకున్నా. అది సగమే నిజం.

అసలు కారణం తెలియాలంటే రెండర్ నడుస్తుండగా టెర్మినల్‌లో ఇది కొట్టండి:

```
nvidia-smi -q -d PERFORMANCE
```

నా దాంట్లో `SW Power Cap` ఎదురుగా `Active` అని వచ్చింది. అంటే కార్డ్‌ని ఆపుతున్నది ముందుగా వేడి కాదు, కరెంటు ఖర్చు మీద ఉన్న పరిమితి. 3060 టీఐకి ఎన్విడియా పెట్టిన పరిమితి 200 వాట్లు. కార్డ్ ఆ 200 లోపల ఎంత స్పీడ్ వెళ్లగలదో అంతా వెళ్తుంది. పరిమితి తగలగానే వెనక్కి తగ్గుతుంది, కాస్త చోటు దొరకగానే మళ్లీ ఎగబాకుతుంది. రంపం పళ్లు అక్కడి నుంచి వస్తున్నాయి. వేడి పెరిగే కొద్దీ కార్డ్ మరో పదిహేను, ముప్పై మెగాహెర్ట్జ్ వదులుకుంటుంది. అది రెండో దెబ్బ.

ఇప్పుడు మన పాకెట్ మనీతో పోల్చి చూద్దాం. నెలకి 200 రూపాయలే ఇస్తారు. ఒక్కో టిఫిన్ ధర ఎక్కువైతే నెల మధ్యలోనే పస్తులు మొదలవుతాయి. ఇంట్లో ఎక్కువ అడగలేం. కానీ టిఫిన్ ధర తగ్గితే అదే 200తో నెలంతా తినొచ్చు, పైగా కొంత మిగులుతుంది. ఇక్కడ టిఫిన్ అంటే క్లాక్ స్పీడ్, దాని ధర అంటే వోల్టేజ్. అండర్‌వోల్టింగ్ అంటే ఆ ధర తగ్గించడమే.

ధర ఎంత తగ్గుతుందో సెకండ్ ఇయర్‌లో చదువుకున్న ఫార్ములానే చెబుతుంది:

```
P ∝ V² × f
```

స్పీడ్ తగ్గిస్తే పవర్ అదే నిష్పత్తిలో తగ్గుతుంది. వోల్టేజ్ తగ్గిస్తే మాత్రం వర్గంలో తగ్గుతుంది. నా కార్డ్ సగటున 1850 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 1.0 వోల్ట్ వాడుతోంది. అదే స్పీడ్‌ని 0.9 వోల్ట్‌తో నడిపిస్తే 0.9 × 0.9 = 0.81. అంటే చిప్ పని చేయడానికి అయ్యే ఖర్చులో దాదాపు ఐదో వంతు మిగులుతుంది.

మరి కంపెనీ వాళ్లే తక్కువ వోల్టేజ్ పెట్టి ఇవ్వొచ్చు కదా? ఒకే మోడల్ చిప్స్ అన్నీ ఒకేలా తయారవ్వవు. కొన్ని 0.9 వోల్ట్‌కే 1900 పరుగెడతాయి, కొన్నింటికి ఇంకా కావాలి. అమ్మే ప్రతి కార్డ్ పని చేయాలి కాబట్టి బలహీనమైన చిప్‌కి కూడా సరిపోయేలా వోల్టేజ్ పెడతారు. మీ చిప్ అంత బలహీనమైంది కాకపోతే ఆ తేడా అంతా వేడిగా పోతోంది. మనం వెనక్కి తీసుకునేది ఆ తేడానే.

ఇక పని మొదలుపెడదాం. విండోస్‌లో ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ వాడాను. ముందు ఏమీ మార్చకుండా పది నిమిషాలు రెండర్ నడిపి వేడి, వాట్లు, క్లాక్ రాసుకోండి. ఈ కమాండ్ ప్రతి సెకనుకీ ఒక లైన్ ఇస్తుంది:

```
nvidia-smi --query-gpu=temperature.gpu,power.draw,clocks.gr --format=csv -l 1
```

రెండు సార్లు పోల్చేటప్పుడు ఫ్యాన్ స్పీడ్ ఒకటే ఉండాలి. లేకపోతే వేడి తగ్గింది వోల్టేజ్ వల్లో ఫ్యాన్ వల్లో తెలీదు. నేను రెండు సార్లూ 70 శాతం దగ్గర పెట్టేశా.

తర్వాత ఆఫ్టర్‌బర్నర్‌లో Ctrl+F నొక్కితే ఒక గ్రాఫ్ తెరుచుకుంటుంది. అడ్డంగా వోల్టేజ్, నిలువుగా స్పీడ్. గీత మీద చిన్న చిన్న చుక్కలు ఉంటాయి. ఏ వోల్టేజ్ దగ్గర ఎంత స్పీడ్‌తో పరుగెత్తాలో కార్డ్‌కి చెప్పేది ఈ గీతే. నా గీతలో 900 మిల్లీవోల్ట్ దగ్గర 1725 ఉంది. నాకు కావాల్సింది అక్కడ 1875.

ముందు మెయిన్ విండోలో `Core Clock`ని మైనస్ 250 చేసి టిక్ గుర్తు నొక్కండి. గీత మొత్తం కిందికి దిగుతుంది. ఇప్పుడు గ్రాఫ్‌లో 900 దగ్గరి చుక్కని పట్టుకుని 1875 వరకు పైకి లాగి మళ్లీ టిక్ నొక్కండి. ఆ చుక్కకి కుడివైపు ఉన్న చుక్కలన్నీ అదే ఎత్తుకి వచ్చి గీత బల్లపరుపుగా అయిపోతుంది. ఇక వోల్టేజ్ పెంచినా కార్డ్‌కి అదనంగా స్పీడ్ రాదు. కాబట్టి అది 900 దాటి వెళ్లదు. మైనస్ 250 చేయకపోతే కుడివైపు చుక్కలు 1875 కంటే పైనే ఉండిపోతాయి, కార్డ్ ఎప్పట్లా అటే ఎక్కేస్తుంది.

ఒక చిన్న విషయం. కార్డ్ చల్లగా ఉన్నప్పుడూ వేడిగా ఉన్నప్పుడూ ఈ గీత ఒకేచోట ఉండదు. నేను 1875 అని పెట్టినా రెండర్ ఊపందుకున్నాక 1860 చూపించింది. అది తప్పు కాదు.

ఫలితం ఇదీ. 200 వాట్లు కాస్తా 168 అయ్యింది. ఐదో వంతు తగ్గాలి కదా అంటే, కార్డ్‌లో మెమరీ, ఫ్యాన్లు కూడా కరెంటు తింటాయి, వాటి ఖర్చు మనం ముట్టుకోలేదు. వేడి 82 నుంచి 75కి వచ్చింది. లెక్క కూడా సరిపోతుంది. అంతకుముందు 200 వాట్లకి గది కంటే 46 డిగ్రీలు ఎక్కువ, అంటే వాట్‌కి 0.23 డిగ్రీ. 168ని 0.23తో గుణిస్తే దాదాపు 39. గదిలో ఉన్న 36కి కలిపితే 75. క్లాక్ మాత్రం 1860 దగ్గర గీత గీసినట్టు నిలబడింది. ఒక్కో ఫ్రేమ్‌కి పట్టే టైమ్ పెద్దగా మారలేదు. తర్వాత ఫ్యాన్‌ని ఆటోకి వదిలేస్తే అమ్మ కూడా ఏమీ అనలేదు.

ఇక్కడితో ఆగి ఉంటే కథ బాగుండేది. కానీ 900కే ఇంత లాభం వస్తే 850కి ఎంత వస్తుందో అని ఆశ పుట్టింది. 850 దగ్గర అదే 1875 పెట్టి ఇరవై నిమిషాలు బెంచ్‌మార్క్ నడిపా, పాసైంది. రాత్రి రెండర్ పెట్టి పడుకున్నా. తెల్లవారి చూస్తే 212వ ఫ్రేమ్ దగ్గర ఆగిపోయి ఉంది. ఫైనల్ వీడియో ఆ సాయంత్రమే ఇవ్వాలి. ఫోన్‌లో మా ఎడిటర్ ఒకటే మాట అన్నాడు: "మామా, నువ్వు వీడియో చేస్తున్నావా, ప్రయోగం చేస్తున్నావా?"

విండోస్ ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే ఈ లైన్ కనిపించింది:

```
Display driver nvlddmkm stopped responding and has successfully recovered.
```

ఆ వోల్టేజ్‌కి చిప్ ఆ స్పీడ్‌ని మోయలేక తడబడింది, డ్రైవర్ దాన్ని రీసెట్ చేసింది అని అర్థం. వోల్టేజ్ తగ్గించడం వల్ల కార్డ్ కాలిపోదు. పోయేది మన పని. మరీ చిరాకైన సంగతి ఏంటంటే, కొన్నిసార్లు క్రాష్ కూడా అవ్వదు. ఫ్రేమ్‌లో అక్కడక్కడా పిచ్చి చుక్కలు పడతాయి, లేదా మీ కూడా ప్రోగ్రామ్ తప్పు జవాబు ఇస్తుంది. లెక్కల పని చేసేవాళ్లు గేమ్ ఆడేవాళ్ల కంటే ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సింది అందుకే.

అందుకని పద్ధతి మార్చా. స్పీడ్ అలాగే ఉంచి వోల్టేజ్‌ని 25 మిల్లీవోల్ట్‌ల చొప్పున పెంచుకుంటూ వచ్చా. 875 దగ్గర రెండర్ బాగానే సాగింది కానీ రే ట్రేసింగ్ ఉన్న గేమ్‌లో ఒకసారి పడిపోయింది. రే ట్రేసింగ్ చిప్‌లో మామూలుగా ఖాళీగా ఉండే భాగాల్ని కూడా పనిలోకి దించుతుంది, కాబట్టి ఒక్క బెంచ్‌మార్క్ పాసైతే చాలదు. చివరికి 900కే తిరిగొచ్చా. వారం రోజులు రకరకాల పనులతో నడిపి, ఏ తేడా రాలేదని తేలాకే ప్రొఫైల్ సేవ్ చేసి `Startup` గుర్తు నొక్కా. దాన్ని మొదటి రోజే నొక్కకండి. అది నొక్కనంతవరకు ఏం తేడా వచ్చినా రీస్టార్ట్ చేస్తే కార్డ్ పాత స్థితికి వచ్చేస్తుంది.

"ఇంత తంటా ఎందుకు, పవర్ లిమిట్ 80 శాతానికి తగ్గిస్తే పోలా?" అని మా సీనియర్ అన్న అడిగాడు. వేడి తగ్గుతుంది, నిజమే. కానీ టిఫిన్ ధర అలాగే ఉంచి పాకెట్ మనీ కోసేసినట్టు. గీత మారదు కాబట్టి స్పీడ్ ఇంకా కిందికి పడుతుంది, రంపం పళ్లు కూడా పోవు.

అలాగని అండర్‌వోల్టింగ్ అందరికీ లాభం కాదు. మీరు ఆడే గేమ్ తేలికైనదై, కార్డ్ 200 వాట్లకి ఎప్పుడూ చేరకపోతే అది ఎలాగూ 1935 దగ్గరే నిలకడగా ఉంటుంది. అక్కడ 1860కి కట్టేస్తే నాలుగు శాతం స్పీడ్ పోతుంది, వేడీ చప్పుడూ తగ్గడమే మిగిలే లాభం. క్యాబినెట్‌లో దుమ్ము పేరుకుని గాలి ఆడకపోతే ముందు బ్రష్ పట్టుకోండి, తర్వాతే ఆఫ్టర్‌బర్నర్. ఇంకొకటి, నా 900, 1875 అంకెల్ని అలాగే కాపీ కొట్టకండి. అవి నా చిప్‌వి. మీ చిప్ సంగతి మీరే పరీక్షించి కనుక్కోవాలి.

వీడియో ఏమైందంటారా? 212వ ఫ్రేమ్ నుంచి మళ్లీ మొదలుపెట్టా. 900 దగ్గర, ఆశ పక్కన పెట్టి. ఆలస్యంగానే అయినా సాయంత్రానికి ఇచ్చేశాం.