ఒక్క బరువుతో మొత్తం లెక్క

పది మీటర్ల దూరంలో ఉన్న రెండు స్తంభాల మధ్య దండెం బిగించి కట్టారనుకుందాం. తాడు బిగువు 500 న్యూటన్లు, అంటే సుమారు 50 కిలోల బరువు లాగినంత. తాడు సొంత బరువును కాసేపు పక్కన పెట్టి, ఎడమ స్తంభం నుంచి 4 మీటర్ల దగ్గర 2 కిలోల తడి బట్టల మూట తగిలిద్దాం. కిందికి లాగే బలం సుమారు 20 న్యూటన్లు. అక్కడ తాడు ఎంత దిగుతుంది? ఆ మూట వల్ల 8 మీటర్ల దగ్గర ఎంత దిగుతుంది?

ఈ ఒక్క మూట సంగతి తేల్చడం తేలికే. కానీ దండెం మీద ఎప్పుడూ ఒకే మూట ఉండదు. ఒకచోట చీర, ఒకచోట రెండు తువ్వాళ్లు, ఇంకోచోట ఏమీ లేదు. సర్దినప్పుడల్లా సమీకరణాన్ని మొదటి నుంచి సాధించాలా? అక్కర్లేదు. ఒక న్యూటన్ బలాన్ని s అనే చోట పెడితే x అనే చోట తాడు ఎంత దిగుతుందో ఒక్కసారి కనుక్కుంటే చాలు. దాన్ని G(x, s) అని రాస్తారు. ఇంజనీర్లు ప్రభావ ప్రమేయం అంటారు, గణితం వాళ్లు గ్రీన్ ప్రమేయం అంటారు, సమాకలన సమీకరణాల పుస్తకాల్లో దీన్నే కెర్నల్ అంటారు.

దండెం పాటించే సమీకరణం ఇది:

−T u″ = f(x),  u(0) = 0,  u(L) = 0

u అంటే తాడు దిగిన లోతు, T బిగువు, f ఒక్కో మీటరు మీద పడే బరువు. రెండు కొసలూ మేకులకు కట్టి ఉన్నాయి కాబట్టి అక్కడ u సున్నా.

ఇప్పుడు s దగ్గర ఒకే ఒక్క న్యూటన్ బలం ఉందనుకోండి. మేకుకూ బరువుకూ మధ్య ఇంకేమీ వేలాడటం లేదు కాబట్టి అక్కడ u″ సున్నా, అంటే తాడు సరళరేఖ. కుడివైపూ అంతే. తాడు ఆకారం రెండు సరళరేఖలు, మధ్యలో ఒక మడత. ఒక్కో సరళరేఖకు రెండేసి అంకెలు తెలియాలి, మొత్తం నాలుగు. ఎడమ రేఖ ఎడమ మేకు నుంచి మొదలవ్వాలి, కుడి రేఖ కుడి మేకు దగ్గర ముగియాలి. వీటితో రెండు తేలిపోయాయి. తాడు తెగలేదు కాబట్టి రెండు రేఖలూ s దగ్గర కలవాలి. అది మూడోది.

నాలుగోదే అసలైన మాట. బరువు ఉన్నచోట తాడు రెండువైపులా పైకి లాగుతుంది. ఎడమవైపు లాగుడులో పైకి పనిచేసే భాగం బిగువును ఎడమ వాలుతో గుణిస్తే వస్తుంది, కుడివైపూ అలాగే. రెండూ కలిసి ఒక న్యూటన్‌ను మోయాలి. కాబట్టి రెండు వాలుల మొత్తం 1/T. గణిత భాషలో చెప్పాలంటే, s దాటగానే u′ ఒక్కసారిగా 1/T మేర పడిపోతుంది. మడత ఎంత పదునుగా ఉండాలో నిర్ణయించేది ఇదే. చాలామంది విద్యార్థులు మొదటి మూడు షరతులూ సరిగ్గా రాసి, ఈ నాలుగోదాన్ని కంఠతా పట్టిన సూత్రంలా వాడి, గుర్తు తారుమారు చేస్తారు. మోస్తున్నది ఏది, మోయించుకుంటున్నది ఏది అని ఒక్కసారి చూసుకుంటే ఆ తప్పు జరగదు.

ఈ నాలుగింటినీ సాధిస్తే వచ్చేది:

x ≤ s అయితే  G = x(L − s)/(TL)
x ≥ s అయితే  G = s(L − x)/(TL)

మన అంకెలు పెడదాం. మూట దగ్గర x, s రెండూ 4. అక్కడ 4 × 6 ను 5000 తో భాగించి 20 తో గుణిస్తే 0.096 మీటరు, అంటే 9.6 సెంటీమీటర్లు. 8 మీటర్ల దగ్గర 4 × 2 ను 5000 తో భాగించి 20 తో గుణిస్తే 3.2 సెంటీమీటర్లు. సరిచూసుకోవడానికి వాలులు కలుపుదాం. ఎడమవైపు 4 మీటర్లలో 9.6 సెంటీమీటర్లు, అంటే మీటరుకు 2.4. కుడివైపు 6 మీటర్లలో అంతే, అంటే మీటరుకు 1.6. మొత్తం మీటరుకు 4 సెంటీమీటర్లు. 20 ని 500 తో భాగించినా 0.04 వస్తుంది. లెక్క కుదిరింది.

సూత్రంలో x, s లను తారుమారు చేసినా విలువ మారదు. మూటను 8 మీటర్ల దగ్గరకు జరిపి 4 మీటర్ల దగ్గర కొలిచినా అదే 3.2 సెంటీమీటర్లు. చూసిన వెంటనే నమ్మాలనిపించదు, ఎందుకంటే ఆ రెండు సందర్భాల్లో తాడు ఆకారాలు వేరు. కానీ నిజం. చేతితో కట్టిన G సరైనదో కాదో పరీక్షించడానికి ఇంతకంటే చవకైన పద్ధతి లేదు.

ఇక ఎన్ని బట్టలు ఆరేసినా కూడిక తప్ప ఏమీ మిగలదు. బరువు చిన్నచిన్న ముక్కలుగా పరచుకుని ఉంటే కూడిక సమాకలనం అవుతుంది:

u(x) = ∫₀ᴸ G(x, s) f(s) ds

పక్కన పెట్టిన తాడు సొంత బరువును ఇప్పుడు తెద్దాం. తాడు మీటరుకు 200 గ్రాములు ఉంటే మీటరుకు సుమారు 2 న్యూటన్లు. నడిమధ్యన ఎంత వేలాడుతుంది? x ను 5 దగ్గర ఉంచి s ను ఈ చివర నుంచి ఆ చివరకు నడిపిస్తే G ఒక త్రిభుజం గీస్తుంది. దాని భూమి 10, ఎత్తు 25/5000, అంటే 0.005. వైశాల్యం 0.025. దాన్ని 2 తో గుణిస్తే 5 సెంటీమీటర్లు. అదే 20 న్యూటన్లను మధ్యలో ఒకేచోట తగిలిస్తే 10 సెంటీమీటర్లు దిగేది. పరచుకున్న బరువు సరిగ్గా సగమే దించింది.

ఇలా కూడగలగడానికి కారణం కొసల దగ్గరున్న సున్నా. సున్నాకు సున్నా కలిపితే సున్నాయే. కుడి మేకు 3 సెంటీమీటర్లు కిందికి ఉంటే, ఆ షరతును పాటించే రెండు ఆకారాలను కలిపినప్పుడు కొస 6 సెంటీమీటర్ల దగ్గరకు పోతుంది, అది తప్పు. అప్పుడు బరువుల లెక్కంతా సున్నా కొసలతో చేసి, రెండు మేకులనూ కలిపే సరళరేఖను చివర్లో విడిగా కలుపుతారు. ఇంకో హద్దు కూడా ఉంది. ఈ సమీకరణం చిన్న వాలులకే నిజం. బిగువు 50 న్యూటన్లకు తగ్గిస్తే సూత్రం 96 సెంటీమీటర్లు అని నిర్భయంగా చెబుతుంది, కానీ అంత వంగిన తాడులో బిగువు మొదట ఉన్నంతే ఉండదు. ఆ అంకెను నమ్మకూడదు.

జార్జ్ గ్రీన్ ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ దగ్గర గాలిమర నడిపిన మనిషి. 1828లో విద్యుత్తు, అయస్కాంతత్వాల మీద సొంత ఖర్చుతో ఒక వ్యాసం అచ్చువేశాడు, ముందుగా చందా కట్టినవాళ్లు 51 మంది. 1841లో చనిపోయే నాటికి దాన్ని పట్టించుకున్నవాళ్లు అరుదు. 1845లో విలియం థామ్సన్, తర్వాత లార్డ్ కెల్విన్ అయినవాడు, దాన్ని చదివి యూరప్‌కు పరిచయం చేశాడు. గ్రీన్ లెక్కలు మూడు కొలతల స్థలంలో ఉండేవి. మన దండెంలాంటి ఒకే కొలత లెక్కలకు ఆ ఆలోచనను 1894లో తెచ్చింది హైన్‌రిష్ బుర్క్‌హార్ట్.

దండెంలో రేఖలు సరళంగా ఉండటం మన అదృష్టం. సమీకరణం −(p u′)′ + q u = f అనే రూపంలో ఉన్నా పని అదే క్రమంలో సాగుతుంది. బరువు లేనప్పుడు సమీకరణానికి ఎడమ కొస షరతు పాటించే ఒక సాధన u₁, కుడి కొస షరతు పాటించే ఒక సాధన u₂ తీసుకోవాలి. దండెంలో అవి x, L − x. ఆపైన D = p(u₁′u₂ − u₁u₂′) లెక్కించాలి. x, s లలో చిన్నదాన్ని u₁ లో, పెద్దదాన్ని u₂ లో పెట్టి, గుణించి, D తో భాగిస్తే G వచ్చేస్తుంది. దండెంలో D విలువ TL.

D లో x మిగలకూడదు, అది స్థిరాంకం. మిగిలిందంటే u₁, u₂ లలో ఒకటి తప్పు, లేదా సమీకరణాన్ని ఆ రూపంలోకి తేలేదు. ఉదాహరణకు −u″ − u′ = f అని ఇస్తే p విలువ 1 అనుకోవడం సహజం, అప్పుడు D లో x ఉండిపోతుంది. మొత్తాన్ని eˣ తో గుణిస్తే ఎడమవైపు −(eˣu′)′ అవుతుంది, p అంటే eˣ, D స్థిరపడుతుంది. కుడివైపు f కూడా eˣ తో గుణించబడిందని మరవకూడదు.

మరి D సున్నా అయితే? అప్పుడు భాగించలేం, G లేదు. ఇది ఎప్పుడు జరుగుతుందో దండెమే చూపిస్తుంది. బరువుకు బదులు తాడును ఒకచోట పట్టుకుని లయబద్ధంగా పైకీ కిందికీ ఊపుదాం. ఈ తాడులో అల వేగం సెకనుకు 50 మీటర్లు. k అంటే ఊపే వేగాన్ని అల వేగంతో భాగిస్తే వచ్చేది. u₁ ఇప్పుడు sin kx, u₂ ఇప్పుడు sin k(L − x), D విలువ Tk sin kL. సెకనుకు 2.5 సార్లు ఊపితే kL సరిగ్గా π అవుతుంది, sin kL సున్నా అవుతుంది. దానికి కాస్త ముందు, సెకనుకు 2.4 సార్ల దగ్గర, మధ్యలో ఒక న్యూటన్‌తో ఊపితే తాడు 5.3 సెంటీమీటర్లు కదులుతుంది. కదలకుండా తగిలించిన ఒక న్యూటన్ దించేది అర సెంటీమీటరే. 2.5 చేరితే లెక్క ప్రకారం కదలికకు అంతే ఉండదు. అసలు తాడులో గాలి, రాపిడి అడ్డుపడి దాన్ని ఎక్కడో ఆపుతాయి, అవి మన సమీకరణంలో లేవు.

సెకనుకు 5 సార్లు ఊపినా D సున్నాయే, G లేదు. కానీ సరిగ్గా నడిమధ్యన ఊపి చూస్తే తాడు విరుచుకుపడదు. ఆ లయలో తాడు తనంతట తాను ఊగే తీరులో సగం పైకి, సగం కిందికి ఉంటుంది. మధ్య బిందువు కదలదు. కదలని చోట తోసే బలం ఆ ఊపుకు శక్తి ఇవ్వలేదు. అదే బలాన్ని స్తంభానికి రెండున్నర మీటర్ల దగ్గరకు మారిస్తే తాడు చెయ్యి దాటిపోతుంది. G లేనంత మాత్రాన ప్రతి బరువుకూ సమాధానం లేదని కాదు. తాడు సొంత ఊపుతో గుణించి సమాకలనం చేస్తే సున్నా వచ్చే బరువులకు సమాధానం ఉంటుంది. ఒక్కటి కాదు, ఎన్నో ఉంటాయి, ఎందుకంటే ఆ సొంత ఊపును ఎంత కావాలంటే అంత కలుపుకోవచ్చు.