తర్కంలో ఏ యంత్రమూ పూర్తిగా తేల్చలేని ప్రశ్న

“వాన కురిస్తే వీధి తడుస్తుంది. వీధి తడవలేదు. కాబట్టి వాన కురవలేదు.” ఈ వాదన సరైనదని నిరూపించడానికి వానను గానీ వీధిని గానీ చూడనక్కర్లేదు. ఇందులో ఉన్నవి రెండే ప్రవచనాలు: ‘వాన కురిసింది’, ‘వీధి తడిసింది’. ఒక్కొక్కటి నిజమైనా కావచ్చు, అబద్ధమైనా కావచ్చు. అంటే మొత్తం నాలుగు పరిస్థితులు. మొదటి రెండు వాక్యాలూ నిజమయ్యేది వానా లేక, తడీ లేని ఒక్క పరిస్థితిలోనే. అక్కడ ముగింపు కూడా నిజమే. కాబట్టి వాదన చెల్లుతుంది.

ప్రవచన తర్కంలో చెల్లుబాటు అంటే ఇంతే: సత్య పట్టికలోని ప్రతి వరుసలోనూ సూత్రం నిజం కావాలి. ప్రవచనాలు 20 ఉంటే వరుసలు 10,48,576. 100 ఉంటే వరుసల సంఖ్యలో 31 అంకెలుంటాయి. అన్నీ చూడడానికి ఎంతకాలం పట్టినా, పట్టికకు చివరి వరుస అంటూ ఒకటి ఉంటుంది. అక్కడికి చేరితే జవాబు ఖాయం.

‘ప్రతి’, ‘ఏదో ఒకటి’ అనే మాటలు, వస్తువుల మధ్య సంబంధాలు చేరితే అది విధేయ తర్కం అవుతుంది. ఇక్కడ సూత్రం చెల్లాలంటే, ఊహించగల ప్రతి ప్రపంచంలోనూ, దాని సంబంధాలకు ఏ అర్థం ఇచ్చినా నిజం కావాలి. ఉదాహరణకు ‘పెద్దది’ అనే సంబంధానికి మూడు షరతులు పెడదాం. ఏదీ తనకంటే తాను పెద్దది కాదు. ఒకటి రెండోదానికంటే, రెండోది మూడోదానికంటే పెద్దదైతే, మొదటిది మూడోదానికంటే పెద్దది. ప్రతిదానికంటే పెద్దది ఏదో ఒకటి ఉంటుంది. “ఈ మూడూ ఒకేసారి నిజం కావు” అన్న వాక్యం చెల్లుతుందా?

పది వస్తువుల ప్రపంచంలో చూస్తే చెల్లినట్టే ఉంటుంది. ఒక వస్తువు నుంచి దానికంటే పెద్దదానికి, అక్కడి నుంచి ఇంకా పెద్దదానికి వెళ్తూ ఉంటే, ఎప్పుడో ఒకప్పుడు చూసిన వస్తువే మళ్లీ ఎదురవుతుంది. అప్పుడు రెండో షరతు ప్రకారం అది తనకంటే తానే పెద్దదవుతుంది. కోటి వస్తువులున్నా ఇదే కథ. కానీ 1, 2, 3 అంటూ సాగే సంఖ్యల ప్రపంచంలో మూడు షరతులూ హాయిగా నిలుస్తాయి. అంటే ఆ వాక్యం చెల్లదు. పరిమిత ప్రపంచాలను ఎన్ని పరీక్షించినా ఆ సంగతి బయటపడదు.

అనంతం అడ్డుపడినంత మాత్రాన దారి మూసుకుపోయినట్టు కాదు. చెల్లే ప్రతి సూత్రానికీ పరిమితమైన నిరూపణ ఉంటుందని కుర్ట్ గోడెల్ 1929లో చూపాడు. నిరూపణలన్నిటినీ వరుసగా వెతికే యంత్రం, సూత్రం చెల్లేదైతే ఎప్పటికైనా ‘అవును’ అంటుంది. చెల్లనిదైతే అలా వెతుకుతూనే ఉండిపోవచ్చు. ‘కాదు’ అని కూడా కచ్చితంగా చెప్పే పద్ధతి ఉందా? డేవిడ్ హిల్బర్ట్, విల్‌హెల్మ్ ఆకర్‌మన్ 1928లో తమ పుస్తకంలో ముందుకు తెచ్చిన సమస్య ఇదే. లేదని 1936లో అలోంజో చర్చ్, అలన్ ట్యూరింగ్ వేర్వేరుగా నిరూపించారు.

ట్యూరింగ్ ఆలోచనను నేటి పాఠ్యపుస్తకాలు ఇలా చెబుతాయి. ఒక గణన యంత్రం మొదటి స్థితిని, ఒక క్షణం నుంచి తరువాతి క్షణానికి అది మారే నియమాలను విధేయ తర్కంలో రాయవచ్చు. ‘ప్రతి క్షణానికీ తరువాతి క్షణం ఉంది’ అని చెప్పడానికి కావలసింది పైన చూసిన అంతులేని వరుసే. చివర “అయితే ఈ యంత్రం ఏదో ఒక క్షణంలో ఆగుతుంది” అని చేర్చితే ఒక సూత్రం తయారవుతుంది. యంత్రం వెయ్యో అడుగులో ఆగేదైతే, ఆ వెయ్యి అడుగులే నిరూపణ అవుతాయి. ఎప్పటికీ ఆగనిదైతే, దాని అంతులేని నడకే సూత్రం అబద్ధమయ్యే ప్రపంచం. అంటే సూత్రం చెల్లేది యంత్రం ఆగితేనే.

కాబట్టి చెల్లుబాటును తేల్చే పద్ధతి ఉంటే, ఏ యంత్రం ఆగుతుందో కూడా ముందే తెలిసిపోవాలి. అలాంటి ‘జోస్య యంత్రం’ ఒకటి ఉందనుకుందాం. దాన్ని లోపల పెట్టుకుని మరో యంత్రాన్ని కట్టవచ్చు. ఏ యంత్రం వర్ణన ఇచ్చినా, ఆ యంత్రానికి తన వర్ణననే ఇస్తే ఆగుతుందా అని ఇది జోస్యం అడుగుతుంది. ‘ఆగుతుంది’ అంటే ఆగకుండా తిరుగుతుంది, ‘ఆగదు’ అంటే ఆగిపోతుంది. దానికి దాని వర్ణననే ఇస్తే? జోస్యం ఏం చెప్పినా తప్పే అవుతుంది. కాబట్టి జోస్య యంత్రం లేదు, చెల్లుబాటును తేల్చే పద్ధతీ లేదు.

అయితే విధేయ తర్కమంతా ఇలాంటిది కాదు. ‘ఎర్రనిది’, ‘గుండ్రనిది’, ‘బరువైనది’ వంటి ఒక్కో వస్తువు గుణాలే ఉంటే, మూడు గుణాలకు ఎనిమిది రకాల వస్తువులే సాధ్యం. మళ్లీ పరిమిత పరీక్ష చాలు. ఈ భాగాన్ని తేల్చవచ్చని లియోపోల్డ్ లోవెన్‌హైమ్ 1915లోనే చూపాడు. రెండు వస్తువులను కలిపే సంబంధం ఒక్కటి చేరితే చాలు, ఆ హామీ పోతుంది. అందుకే నిరూపణలు వెతికే సాఫ్ట్‌వేర్‌కు గడువు పెడతారు. గడువు దాటినా జవాబు రాలేదంటే సూత్రం చెల్లదని అర్థం కాదు. నిరూపణ ఇంకొంచెం దూరంలోనే ఉండవచ్చు, అసలు లేకపోనూవచ్చు.